అమ్మానాయనలకు హెల్త్ పాలసీ: షుగర్ దాచమంటే దాచొచ్చా, రూమ్ రెంట్ లిమిట్ ఎంత కోస్తుంది

ప్రశ్న: అన్నా, మాది కావలి. నాయనకు 66, ఆరేళ్లుగా షుగరు, బీపీ. మాత్రలతో కంట్రోల్‌లోనే ఉన్నాయి. అమ్మకు 61, మోకాళ్ల నొప్పులు. రెండు పాలసీలు చూశా. ఒకటి పెద్దవాళ్ల కోసం పెట్టింది: 5 లక్షలు, పాత జబ్బులకు ఏడాది వెయిటింగ్, రూమ్ రెంట్ రోజుకు 1 శాతం, బిల్లులో మనం కట్టుకోవాల్సిన వాటా, అంటే కోపే 20 శాతం. రెండోది కూడా 5 లక్షలే, పాత జబ్బులకు మూడేళ్లు, సింగిల్ ప్రైవేట్ రూమ్, కోపే లేదు, కానీ ఇద్దరికీ కలిపి ఏడాదికి 14 వేలు జాస్తి. ఏజెంటేమో షుగర్ సంగతి రాయకపోతే వెయిటింగే ఉండదంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు:

ముందు ఏజెంటు మాట తేలుద్దాం, ఎందుకంటే అక్కడ తప్పు జరిగితే మిగతావన్నీ ఎంత బాగా ఎంచుకున్నా దండగే. షుగర్ రాయండి, బీపీ రాయండి, అమ్మ మోకాళ్లు కూడా రాయండి. దాస్తే వెయిటింగ్ పోదు, క్లెయిమ్ పోతుంది. ఆ క్లెయిమ్‌తో కూడా ఆగదు, విషయం దాచారని పాలసీనే రద్దు చేయొచ్చు. అప్పటికి మీ నాయనకు 68 వచ్చి ఉంటాయి, ఒక కంపెనీ రద్దు చేసిందని తెలిశాక ఇంకో కంపెనీ అంత తేలిగ్గా తీసుకోదు.

దాచింది ఎలా బయటపడుతుందంటే, దానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న "బీపీ, షుగర్ ఉన్నాయా, ఎన్నాళ్లుగా" అనే. మీరు చెప్పింది కేస్ షీట్‌లోకి, అక్కడి నుంచి డిశ్చార్జ్ సమ్మరీలోకి ఎక్కుతుంది. కంపెనీ మొదట చదివేది ఆ లైనే. ఇక్కడ నిజం రాసినవాళ్లకు కూడా ఒక ప్రమాదం ఉంది. ఆరేళ్లుగా ఉన్న షుగర్‌ని కంగారులో పక్కనున్న బంధువు "పదేళ్ల నుంచి ఉంది సార్" అనేస్తాడు. ప్రపోజల్ ఫారంలో ఆరు, కేస్ షీట్‌లో పది ఉంటే కంపెనీకి ఒక ప్రశ్న దొరికినట్టే. అందుకని షుగర్ మొదట తేలినప్పటి ల్యాబ్ రిపోర్టు, మొదటి మందుల చీటీ ఫోటోలు తీసి ఇంట్లో అందరి ఫోన్లలో పెట్టండి. ఆస్పత్రికి ఎవరు తీసుకెళ్లినా అవి చూపించే చెప్పాలి.

మన ఊళ్లలో చాలామంది పెద్దవాళ్లు ఆర్‌ఎంపీ దగ్గర బీపీ చూపించుకుని మాత్రలు వాడుతుంటారు, కాగితం ఏమీ ఉండదు. కాగితం లేదు కాబట్టి జబ్బు లేనట్టు కాదు. అలాంటప్పుడు ఎంబీబీఎస్ డాక్టర్ దగ్గర ఒకసారి చూపించి, చీటీ రాయించుకుని, అదే తేదీ, అవే మందులు ఫారంలో రాయడం మేలు. కనిగిరి, పొదిలి వైపు ఫ్లోరైడ్ నీళ్ల వల్ల కీళ్ల నొప్పులున్నవాళ్లు కూడా "అది అందరికీ ఉండేదే" అని రాయకుండా వదిలేస్తారు. ఎక్స్‌రే తీయించి ఉంటే, డాక్టర్ మందు రాసి ఉంటే, అది రాయాల్సిందే. పాలసీ మొదలయ్యే తేదీకి ముందు 36 నెలల్లో డాక్టర్ నిర్ధారించినదీ, సలహా గానీ చికిత్స గానీ తీసుకున్నదీ అన్నీ పాత జబ్బు కిందే వస్తాయి.

ఐదేళ్లు గడిస్తే ఇక దాచిన సంగతి అడగరని కూడా ఏజెంట్లు చెబుతుంటారు. నియమం అయితే ఉంది: వరసగా 60 నెలలు పాలసీ నడిచాక, చెప్పలేదన్న కారణంతో క్లెయిమ్ తోసిపుచ్చకూడదు. కానీ మోసం అని రుజువు చేయగలిగితే ఆ రక్షణ వర్తించదు. తెలిసి తెలిసి షుగర్ దాచి, ఆ నియమాన్ని నమ్ముకుని ఐదేళ్లు కూర్చోవడం 66 ఏళ్ల మనిషి విషయంలో చేయదగ్గ పని కాదు.

ఇప్పుడు వెయిటింగ్. మూడు రకాలుంటాయి, మూడూ పాలసీ మొదలైన తేదీ నుంచే ఒకేసారి లెక్కకొస్తాయి. మొదటి 30 రోజులు యాక్సిడెంట్ తప్ప దేనికీ డబ్బు రాదు. నాయన బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగితే తొలి రోజు నుంచే కవర్ ఉంటుంది. 30 రోజులు దాటాక డెంగీ, న్యుమోనియా లాంటివి వస్తాయి. షుగర్ ఉన్నంత మాత్రాన డెంగీ క్లెయిమ్ కొట్టేయడానికి లేదు.

రెండోది జబ్బుల పట్టీ వెయిటింగ్. శుక్లాలు, హెర్నియా, ప్రోస్టేట్, పిత్తాశయంలో రాళ్లు, కిడ్నీ రాళ్లు, పైల్స్, మోకాలి మార్పిడి ఈ పట్టీలో మామూలుగా ఉంటాయి. ఇవి కొత్తగా వచ్చినా సరే, చాలా పాలసీల్లో 24 నెలలు ఆగాలి. మూడోది మీరు అడిగిన పాత జబ్బుల వెయిటింగ్. 2024 ఏప్రిల్ నుంచి ఏ కంపెనీ అయినా దీన్ని 36 నెలలకు మించి పెట్టకూడదు. ఒకే జబ్బు రెండింటి కిందా వస్తే, ఏది ఎక్కువ కాలమైతే అదే వర్తిస్తుంది. మీ అమ్మకు ఇప్పటికే మోకాళ్లకు ఎక్స్‌రే, మందులు ఉంటే, పట్టీ ప్రకారం 24 నెలలే అని ఏజెంటు చెప్పినా, రెండో పాలసీలో ఆపరేషన్‌కు 36 నెలలు ఆగాల్సిందే. మొదటి పాలసీలో పాత జబ్బుకు ఏడాదే అని సంబరపడటానికీ లేదు, అక్కడ పట్టీలో మోకాలి మార్పిడికి 24 నెలలు ఉంటే రెండేళ్లు ఆగాలి.

ఇంకో ముఖ్యమైన సంగతి. పాత జబ్బు అంటే షుగర్, బీపీ మాత్రమే కాదు, వాటి వల్ల నేరుగా వచ్చే ఇబ్బందులు కూడా. షుగర్ వల్ల కాలికి పుండు, కిడ్నీ దెబ్బతినడం, బీపీ వల్ల పక్షవాతం ఇవన్నీ వెయిటింగ్‌లో ఇరుక్కుంటాయి. గుండెపోటు దగ్గరే ఎక్కువ గొడవ వస్తుంది. అది బీపీ వల్లనా, వేరుగా వచ్చిందా అని కంపెనీ ఆస్పత్రిని రాతపూర్వకంగా అడుగుతుంది. చికిత్స చేసిన డాక్టర్ రాసిచ్చే ఆ ఒక్క ఉత్తరం మీదే క్లెయిమ్ ఆధారపడుతుంది. బిల్లింగ్ కౌంటర్‌లో ఎవరో నింపి పంపకుండా, డాక్టరే చూసి రాసేలా అడగండి.

వెయిటింగ్ లెక్క తెగిపోయేది రెండు చోట్ల. రెన్యువల్ తేదీ దాటాక ఏడాది పాలసీకి 30 రోజుల గడువుంటుంది. ఆలోపు కడితే పాత లెక్క నిలుస్తుంది, కానీ కట్టకుండా ఉన్న ఆ రోజుల్లో ఆస్పత్రి పాలైతే డబ్బు రాదు. గడువూ దాటితే మళ్లీ మొదటికొస్తుంది. తర్వాత, 5 లక్షలను మధ్యలో 10 లక్షలు చేస్తే, పెరిగిన 5 లక్షలకు వెయిటింగ్ ఆ రోజు నుంచి కొత్తగా మొదలవుతుంది. పెంచే ఆలోచన ఉంటే ఇప్పుడే ఎక్కువ మొత్తానికి తీసుకోండి.

ఇక రూమ్ రెంట్. 5 లక్షల మీద 1 శాతం అంటే రోజుకు 5,000. మీది కావలి, పెద్ద జబ్బు వస్తే నెల్లూరు, అక్కడా కాదంటే చెన్నై. నెల్లూరులో ఈ 5,000తో నెట్టుకురావచ్చు. చెన్నైలో సింగిల్ రూమ్‌కు చాలకపోవచ్చు. చాలామంది అనుకునేది, రూమ్ 9,000 అయితే పై 4,000 మనం కట్టుకుంటే సరిపోతుందని. అలా కాదు. లిమిట్ దాటిన రూమ్‌లో చేరితే, రూమ్‌తో ముడిపడిన ఖర్చులన్నీ అదే నిష్పత్తిలో కోస్తారు.

లెక్క వేసి చూపిస్తాను. నాయన చెన్నైలో 9,000 రూమ్‌లో 5 రోజులున్నారనుకుందాం. రూమ్, నర్సింగ్ కలిపి 45,000. సర్జన్, మత్తు డాక్టర్, ఆపరేషన్ థియేటర్, డాక్టర్ విజిట్లు కలిపి 1,80,000. మందులు 40,000, పరీక్షలు 25,000, ఇంప్లాంట్ 70,000, గ్లౌజుల్లాంటి పాలసీ ఇవ్వని సామాన్లు 10,000. మొత్తం 3,70,000.

మొదటి పాలసీలో రూమ్‌కు వచ్చేది 25,000. సర్జన్, థియేటర్ వగైరా 1,80,000లో తొమ్మిదికి ఐదు వంతుల చొప్పున 1,00,000. మందులు, పరీక్షలు, ఇంప్లాంట్ పూర్తిగా 1,35,000. కలిపితే 2,60,000. దాని మీద 20 శాతం కోపే 52,000 పోతే కంపెనీ ఇచ్చేది 2,08,000. మీ చేతి నుంచి 1,62,000.

అదే ఆస్పత్రిలో 5,000 రూమ్ దొరికి ఉంటే? తక్కువ రూమ్‌కు సర్జన్ ఫీజు, థియేటర్ ఛార్జీ కూడా తక్కువే వేస్తారు, 1,40,000 అనుకుందాం. మొత్తం బిల్లు 3,10,000 అవుతుంది. సామాన్ల 10,000 తీసేస్తే 3,00,000, కోపే పోగా 2,40,000 వస్తుంది. మీ చేతి నుంచి 70,000. రూమ్ అద్దెలో తేడా 5 రోజులకు 20,000 మాత్రమే, జేబులోంచి పోయే తేడా 92,000. అడ్మిషన్ కౌంటర్‌లో "సింగిల్ రూమ్ ఇవ్వమంటారా" అని అడిగినప్పుడు అవునన్న ఒక్క మాట ఖరీదు అది.

ఈ కోతకు హద్దులున్నాయి, అవి తెలిసి ఉంటే తప్పు కోత పట్టుకోవచ్చు. మందులు, సామాన్లు, ఇంప్లాంట్లు, పరీక్షల మీద నిష్పత్తి కోత వేయకూడదు. ఐసీయూ ఛార్జీల మీద కూడా వేయకూడదు. రూమ్‌ను బట్టి రేటు మార్చని ఆస్పత్రి అయితే అసలు వేయకూడదు. మన లెక్కలో కంపెనీ 3,60,000 మొత్తం మీదా కోత వేస్తే 2,00,000 వస్తుంది, న్యాయంగా రావాల్సింది 2,60,000. సెటిల్‌మెంట్ లెటర్‌లో ఒక్కో పద్దు ఎదురుగా ఎంత తగ్గించారో ఉంటుంది. మందుల పద్దులో, ఇంప్లాంట్ పద్దులో ఇలా కోత కనిపిస్తే వెంటనే ఈమెయిల్ పెట్టండి. ఇంకొకటి, రూమ్ రెంట్ లిమిట్‌లో నర్సింగ్ ఛార్జీ కలిసి ఉందో లేదో పాలసీలో చూడండి. కలిసి ఉంటే 4,500 రూమ్ కూడా నర్సింగ్ 800 తోడై లిమిట్ దాటేస్తుంది.

రెండో పాలసీలో అదే 3,70,000 బిల్లుకు సామాన్ల 10,000 తప్ప అంతా వస్తుంది. అంటే తేడా 1,52,000. ఏడాదికి 14 వేలు ఎక్కువ కట్టినా ఈ ఒక్క బిల్లుకే దాదాపు 11 ఏళ్ల తేడా తీరిపోతుంది. అయితే "సింగిల్ ప్రైవేట్ రూమ్" అంటే ఆ ఆస్పత్రిలో అన్నింటికన్నా తక్కువ అద్దె ఉన్న సింగిల్ రూమ్ అని చాలా పాలసీల్లో అర్థం. డీలక్స్ తీసుకుంటే అక్కడా కోత పడుతుంది.

నెల్లూరు, ప్రకాశం వాళ్లు తప్పకుండా అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది, జోన్ గురించి. కొన్ని కంపెనీలు ఊళ్లను జోన్లుగా విడదీసి చిన్న ఊళ్ల అడ్రస్‌కు ప్రీమియం తగ్గిస్తాయి. కావలి అడ్రస్‌తో తక్కువ కట్టి, చెన్నైలోనో హైదరాబాద్‌లోనో చేరితే ప్రతి బిల్లులో అదనంగా కొంత శాతం మీరే భరించాలని లోపల రాసి ఉంటుంది. మీరు "కోపే లేదు" అన్న రెండో పాలసీలో ఇది దాగి ఉందేమో చూడండి. ఉంటే, కొంచెం ఎక్కువ కట్టి ఆ షరతు తీయించుకునే వీలుందా అని అడగండి. మనకు చెన్నై తప్పదు కాబట్టి ఆ డబ్బు పెట్టడం సబబే.

ఇవ్వనివాటిలో పెద్దవాళ్లకు ఎక్కువగా తగిలేవి కొన్నే. కేవలం పరీక్షల కోసం, అబ్జర్వేషన్ కోసం చేరితే రాదు. ఒంట్లో బాగోలేదని రెండు రోజులు చేర్చి అన్ని టెస్టులూ చేసి, నోటి మాత్రలతో పంపేస్తే ఆ క్లెయిమ్ సాధారణంగా పోతుంది. సెలైన్, ఇంజెక్షన్ లాంటి చికిత్స నిజంగా అవసరమై జరిగితే అది కేస్ షీట్‌లో రోజువారీగా రాసి ఉండాలి. పక్షవాతం తర్వాత ఇంట్లో పెట్టుకునే ఆయా, విశ్రాంతి కోసం ఉంచే సెంటర్ ఖర్చు రావు. పళ్ల సెట్టు, కళ్లద్దాలు, వినికిడి మిషన్ రావు. శుక్లాల ఆపరేషన్‌కు వెయిటింగ్ అయ్యాక కూడా కంటికి ఇంత అని పరిమితి ఉండొచ్చు. ఆరోగ్య సంజీవని అనే స్టాండర్డ్ పాలసీలో అది కంటికి 40,000 లేదా పాలసీ మొత్తంలో 25 శాతం, ఏది తక్కువైతే అది.

ఆస్పత్రి కూడా పాలసీ దృష్టిలో ఆస్పత్రి అయి ఉండాలి. 10 లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్లో కనీసం 10 పడకలు, రోజంతా నర్సులు, డాక్టర్లు, రోజువారీ రికార్డులు ఉండాలన్నది మామూలు షరతు. వీధి చివర ఐదు పడకల నర్సింగ్ హోమ్‌లో చేరితే చిక్కొస్తుంది. దీనితో పాటు ప్రతి కంపెనీకి నెట్‌వర్క్ పట్టీ ఒకటి, డబ్బు ఇవ్వబోమని చెప్పే ఆస్పత్రుల పట్టీ ఒకటి ఉంటాయి. రెండూ కంపెనీ వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. కావలి, నెల్లూరు, ఒంగోలులో మీరు వెళ్లే రెండు మూడు పేర్లు రెండింటిలోనూ వెతకండి. రెండో పట్టీలో ఉన్న ఆస్పత్రికి ప్రాణాపాయంలోనో యాక్సిడెంట్‌లోనో వెళ్తే, మనిషి కుదుటపడేదాకా అయిన ఖర్చు వరకే ఇస్తారు.

ఇప్పుడు మీ ప్రశ్న. మీ నాయన షుగరు, బీపీ మాత్రలతోనే నడుస్తూ, గుండె, కిడ్నీ ఇబ్బందులేమీ లేకపోతే నేను రెండో పాలసీ వైపే ఉంటాను. పాత జబ్బుల వెయిటింగ్ తగ్గించే రైడర్, అంటే అదనంగా కట్టి పాలసీకి తగిలించుకునే సౌకర్యం, ఆ కంపెనీలో ఉంటే నాయన వరకైనా తీసుకోండి, వయసు, జబ్బులను బట్టి అందరికీ ఇవ్వరు. రైడర్ దొరక్కపోతే మూడేళ్ల పాటు మూడు, నాలుగు లక్షలు ఎఫ్‌డీలో కదపకుండా ఉంచాలి. అలా ఉంచలేని పరిస్థితి అయితే, లేదా ఈ మధ్య గుండెకు ఏమైనా తేలి ఉంటే, కోపే ఉన్నా సరే ఏడాది వెయిటింగ్ ఉన్న మొదటి పాలసీయే మంచిది. అప్పుడు రూమ్ లిమిట్ మాత్రం ఇంట్లో అందరికీ కంఠతా వచ్చి ఉండాలి.

నిజం రాశాక రెండో కంపెనీ ప్రీమియం పెంచి అడగొచ్చు, లేదా కుదరదనొచ్చు. పెంచితే ఎంతో చూసి ఒప్పుకోండి. కాదంటే మొదటిదానికి వెళ్లండి, అక్కడ ఫారంలో "ఇంతకుముందు ఎక్కడైనా తిరస్కరించారా" అని అడిగితే అవుననే రాయండి. అమ్మానాయనలిద్దరినీ మీ పిల్లలతో కలిపి, అందరూ ఒకే మొత్తాన్ని పంచుకునే ఫ్లోటర్ పాలసీలో పెట్టొద్దు; పెద్ద వయసును బట్టి ప్రీమియం అందరికీ పెరుగుతుంది, నాయన క్లెయిమ్ పిల్లల డబ్బు తినేస్తుంది. నాయనకు 70 నిండాక ఆయుష్మాన్ భారత్ కింద ఆదాయంతో పని లేకుండా వచ్చే 5 లక్షల కార్డు కూడా చేయించండి, ప్రైవేట్ పాలసీ ఉన్నా అది ఇస్తారు.

పాలసీ కాగితాలు చేతికొచ్చాక 30 రోజుల్లోపు నచ్చకపోతే వాపసు ఇచ్చే హక్కుంది. ఆ రోజుల్లో కాగితాలతో పాటు వచ్చే ప్రపోజల్ ఫారం కాపీ తీసి షుగరు, బీపీ, మోకాళ్లు, తేదీలు, మందుల పేర్లు మీరు చెప్పినట్టే ఉన్నాయో చూడండి. ఏజెంటు "ఏ జబ్బూ లేదు" అని నింపి, మీ ఫోన్‌కొచ్చిన ఓటీపీతో పంపేసి ఉంటే అది మీరు చెప్పినట్టే లెక్క. తప్పుంటే అదే రోజు కంపెనీకి ఈమెయిల్ రాసి, డాక్టర్ చీటీలు జత చేసి, సరిచేసినట్టు రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. ఏజెంటు వాట్సాప్‌లో "చెప్పేశాను సార్" అంటే చాలదు. తర్వాత ఎప్పుడైనా క్లెయిమ్ అన్యాయంగా కోశారనిపిస్తే ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి, bimabharosa.irdai.gov.in లో కూడా నమోదు చేయొచ్చు. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరకు ఏడాదిలోపు వెళ్లాలి. అక్కడ ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. ఫిర్యాదుకు సెటిల్‌మెంట్ లెటర్, ఫైనల్ బిల్లు, డిశ్చార్జ్ సమ్మరీ, ఆ ఈమెయిల్ జవాబు జత చేయాలి.